ఎపాక్సైడ్ ప్రశ్నలో H3O+ కనబడగానే తొందరపడకండి

మొన్న శ్రీకాకుళంలో మా డిగ్రీ ఫైనల్ ఇయర్ పిల్లల టెస్ట్ పేపర్లు దిద్దాను. ఎపాక్సైడ్ ప్రశ్న దగ్గర సగానికి పైగా పిల్లలు ఒకే గోతిలో పడ్డారు. సెమిస్టర్‌కి ఇంకా పది రోజులుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ప్రశ్న 2,2-డైమిథైల్ ఆక్సిరేన్ మీద. రింగులో ఒక కార్బన్‌కి రెండు మిథైల్ గ్రూపులు, రెండోది ఉత్త CH2. బాణం మీద ఇలా ఉంది: (1) CH3MgBr, ఈథర్ (2) H3O+. చివర H3O+ చూసి, యాసిడ్ కదా అనుకుని, కొత్త మిథైల్‌ని గ్రూపులు ఎక్కువున్న కార్బన్‌కే తగిలించి 2,2-డైమిథైల్-1-ప్రొపనాల్ రాసేశారు. సరైన జవాబు 2-మిథైల్-2-బ్యూటనాల్.

H3O+ పోసేసరికే రింగు తెరుచుకుని ఉంది. ఆ యాసిడ్ చేసేదల్లా O⁻ కి ఒక ప్రోటాన్ ఇవ్వడమే. మొదటి నుంచీ యాసిడ్ ఉంటే గ్రిగ్నార్డ్ ఎపాక్సైడ్ దాకా వెళ్లదు, మీథేన్ అయి పోతుంది. కాబట్టి రింగు తెరిచింది ఎవరో ముందు చూడండి.

రింగు తెరిచింది యాసిడ్ అయితే కథ వేరు. అదే ఎపాక్సైడ్‌ని మిథనాల్‌లో కొంచెం H2SO4 తో కలిపితే ముందు ఆక్సిజన్‌కి ప్రోటాన్ అంటుకుంటుంది. C–O బంధం సాగుతుంది, పాజిటివ్ చార్జ్‌ని బాగా మోయగల టెర్షియరీ కార్బన్ వైపు ఎక్కువగా సాగుతుంది. మిథనాల్ అక్కడికే వస్తుంది: 2-మిథాక్సీ-2-మిథైల్-1-ప్రొపనాల్. H2SO4 బదులు NaOCH3 వేస్తే ఆక్సిజన్‌కి ప్రోటాన్ ఉండదు, బంధం ముందుగా సడలదు. మిథాక్సైడే వెనక నుంచి తోసుకురావాలి. రెండు మిథైల్స్ అడ్డున్న చోట దారి లేక CH2 ని కొడుతుంది: 1-మిథాక్సీ-2-మిథైల్-2-ప్రొపనాల్.

ఒక హద్దు కూడా గుర్తుంచుకోండి. ప్రొపిలీన్ ఆక్సైడ్‌లో టెర్షియరీ కార్బన్ లేదు. అక్కడ యాసిడ్‌లో కూడా మిశ్రమం వస్తుంది, కాబట్టి ఆ నియమాన్ని గుడ్డిగా రుద్దకండి.

ఇక పరీక్ష హాల్లో. రింగు తెరిచే రియేజెంట్ కింద గీత గీయండి. రెండో స్టెప్‌లోని H3O+ ని రింగు దగ్గరికి రానివ్వకండి. యాసిడ్ అనగానే పూర్తి కార్బోకాటయాన్ గీయకండి, ఆ చార్జ్ పాక్షికమే. దాడి ఎప్పుడూ ఆక్సిజన్‌కి ఎదురు వైపు నుంచే, అది యాసిడ్ అయినా బేస్ అయినా. సైక్లోహెక్సీన్ ఆక్సైడ్ నుంచి ట్రాన్స్ ప్రొడక్టే రాయండి, సిస్ రాశారంటే మార్కు పోయినట్టే. కార్బన్లు లెక్కపెట్టండి. LiAlH4 తర్వాత నీళ్లు పోసినా, NaOCH3 తర్వాత నీళ్లు పోసినా, గ్రిగ్నార్డ్ తర్వాత H3O+ పోసినా, అది రింగు తెరుచుకున్నాక వచ్చిందే. దాన్ని చూసి దాడి చోటు మార్చకండి.