చలికి కోడిపిల్లలు గుంపు కట్టేస్తుంటే నేను చేసింది

మాది కోనసీమ అండి, మొన్న పుష్యమాసంలో మంచు బాగా పడుతుంటే వారం కూడా నిండని 50 నాటుకోడి పిల్లల్ని కొబ్బరితోటలో పాకలో పెట్టాను. చలి తగలకూడదని చుట్టూ బరకం పైదాకా కట్టేశా, అదే తప్పయింది. తెల్లారి తలుపు తీస్తే కళ్ళు మండే ఘాటు, ఊక తడిసి ముద్దయింది, పిల్లలన్నీ ఒక మూల ఒకదానిమీద ఒకటి ఎక్కేసి ఉన్నాయి, అడుగున నలిగి నాలుగు పోయాయి, చాలా బాధేసింది.

ఆ రోజే తడి ఊకంతా ఎత్తేసి ఎండు ఊక మూడంగుళాలు పోశా. బరకం విప్పి కాలవ గాలి వచ్చే వైపు మాత్రం గోనెసంచులు నేలనుంచి రెండడుగులు కట్టి పైన ఖాళీ వదిలేశా, గాలి పిల్లలకి తగలదు, తేమ పైనుంచి పోతుంది. మూలలు లేకుండా రేకు గుండ్రంగా చుట్టి మధ్యలో 60 వాట్ల పాతరకం బల్బులు రెండింటిని ఒక అడుగు ఎత్తులో వేలాడదీశా (ఎల్‌ఈడీకి అంత వేడి రాదు). బల్బు కిందే కుప్పపడితే వేడి చాలనట్టు, దూరంగా పోయి నోరు తెరిస్తే ఎక్కువైనట్టు, దాన్నిబట్టి తాడు దించడం ఎత్తడం అంతే. ఆ రాత్రి రెండింటికి లేచి చూస్తే రేకు లోపలంతా పరుచుకుని పడుకున్నాయి.