డిలీట్ చేసిన పాత పోస్టు గూగుల్‌లో ఇంకా కనిపిస్తోందా? ఇలా తీయించండి

ఎప్పుడో రాసిన పోస్టు మనసు మారి డిలీట్ చేస్తాం. కొన్నాళ్లకు ఎవరో మన పేరు గూగుల్‌లో కొడితే అవే మాటలు మళ్లీ పైకి వస్తాయి. డిలీట్ సరిగ్గా కాలేదేమోనని టెన్షన్ పడక్కర్లేదు. గూగుల్ ఆ పేజీని చూసినప్పుడు రాసి పెట్టుకున్న పాత ప్రతి అది. మళ్లీ ఆ పేజీకి వచ్చి చూసేదాకా దాన్నే చూపిస్తుంది. ఎవరూ తెరవని పాత పేజీలకైతే అది తిరిగి రావడానికి నెలలు కూడా పట్టొచ్చు. అంతవరకు ఆగకుండా మనమే అడగొచ్చు.

ముందు ఏమేం కనిపిస్తున్నాయో చూసుకోవాలి. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, ఒక్కో సైటుకూ విడిగా ఇలా వెతకండి. పేరును తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి కొట్టండి.

```
site:facebook.com "మీ పేరు"
```

వచ్చిన ఫలితాన్ని అదే విండోలో తెరవండి. పోస్టు ఇంకా తెరుచుకుంటోందంటే అడిగి లాభం లేదు. ముందు దాన్ని డిలీట్ చేయాలి, లేదా ఫ్రెండ్స్‌కు మాత్రమే కనిపించేలా మార్చాలి. పోస్టు వేరేవాళ్లదైతే తీసేయమనో, మీ పేరు చెరిపేయమనో వాళ్లనే అడగాలి. మీ ట్యాగ్ తీసేసుకుంటే సరిపోతుందనుకుంటారు చాలామంది. పోస్టులో మీ పేరు అక్షరాలుగా రాసి ఉంటే అది అలాగే ఉంటుంది.

అక్కడ మారిందని తేలాక గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి ఈ పేజీకి వెళ్లండి. ఆ పోస్టు మీదే అయి ఉండాలన్న నియమం లేదు.

```
https://search.google.com/search-console/remove-outdated-content
```

"New request" నొక్కితే లింకు అడుగుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే. సోషల్ మీడియా సైట్లు డిలీట్ అయిన పోస్టు తెరిస్తే లాగిన్ పేజీకి తోసేస్తాయి. అప్పుడు పైన అడ్రస్ బార్‌లో ఉండేది లాగిన్ పేజీ లింకు, మీ పోస్టుది కాదు. అందుకే వెతికిన ఫలితం మీదే కుడి క్లిక్ చేసి లింకు కాపీ చేయండి. అదే పోస్టు మొబైల్ పేజీగా, అంటే m. తో మొదలయ్యే లింకుతో కూడా కనిపిస్తుంటే దానికి మరో అభ్యర్థన పెట్టాలి. ఒకటి పెడితే రెండోది దానంతట అది పోదు.

పేజీ పూర్తిగా పోయిందని గూగుల్‌కు అర్థమైతే అంతటితో పంపేయొచ్చు. పేజీ ఉండి, లోపలి మాటలు మాత్రమే మారితే ఇంకో ప్రశ్న వేస్తుంది: పాత ప్రతిలో ఉండి, ఇప్పటి పేజీలో లేని మాట ఒకటి చెప్పమంటుంది. ఈ ఒక్క మాట మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

మా చెల్లి ప్రొఫైల్‌లో "టీచర్" అని, దాని పక్కనే పనిచేసే స్కూలు పేరు ఉండేవి. తెలియనివాళ్లు స్కూలు దాకా వచ్చి ఆమె కోసం అడగడంతో భయపడి స్కూలు పేరు తీసేసింది. గూగుల్‌లో మాత్రం అది పోలేదు. మొదటిసారి "టీచర్" అని రాసి పంపింది. ఆ మాట పేజీలో ఇంకా ఉంది కదా, "Denied" అని వచ్చింది. రెండోసారి ఇద్దరం కూర్చుని, ఇన్‌కాగ్నిటోలో ప్రొఫైల్ తెరిచి, కంట్రోల్‌తో ఎఫ్ నొక్కి స్కూలు పేరులోని మొదటి మాట వెతికాం. ఎక్కడా దొరకలేదు. ఆ ఒక్క మాటే రాసి పంపితే ఒప్పుకున్నారు. మీరూ పంపే ముందు ఇలాగే వెతికి చూడండి. పూర్తి వాక్యం రాయొద్దు, ఒక్క మాట చాలు.

అభ్యర్థన పరిస్థితి అదే పేజీలో కనిపిస్తుంది. "Pending" అంటే ఇంకా చూస్తున్నారని. "Approved" అని వచ్చినా, పేజీ ఉన్నంతకాలం లింకు ఫలితాల్లో ఉంటుంది, కింద చూపే పాత మాటలే పోతాయి. చెల్లి ప్రొఫైల్ ఇప్పటికీ వస్తుంది, స్కూలు పేరు లేకుండా. ప్రొఫైలే రాకూడదనుకుంటే ఆ సైటు ప్రైవసీ సెట్టింగుల్లో చూడాలి. ఫేస్‌బుక్‌లో బయటి సెర్చ్ ఇంజన్లు మీ ప్రొఫైల్‌కు లింకు ఇవ్వొచ్చా అని అడిగే సెట్టింగ్ ఉంది, దాన్ని ఆపేయండి.

ఫొటోలకు అదే పేజీలో "Image" అనే విభాగం ఉంది. పేజీ లింకు పోయినంత మాత్రాన ఫొటో పోదు కాబట్టి ఇమేజెస్‌లో కూడా పేరు కొట్టి చూడండి.

గూగుల్ ఒప్పుకున్నది గూగుల్ వరకే. బింగ్‌లో కూడా కనిపిస్తుంటే అక్కడ విడిగా అడగాలి. దానికీ ఇలాంటి పేజీ ఉంది.