పీహెచ్ 5.0 రావలసిన ఎసిటేట్ బఫర్ తక్కువ చూపుతుంటే: సమస్య - పరిష్కారం

పీహెచ్ 5.0 ఉన్న ఎసిటేట్ బఫర్ 100 మి.లీ. కావాలనుకుందాం. చేతిలో ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ ఉన్నాయి, రెండూ 0.1 మోలార్ ద్రావణాలే. 25 డిగ్రీల వద్ద ఎసిటిక్ ఆమ్లపు పీకేఏ 4.76. లెక్క ఇదీ:

```
pH = pKa + log([లవణం]/[ఆమ్లం])
5.00 = 4.76 + log(r)
r = 10^0.24 = 1.74
```

అంటే ఆమ్లం ఒక పాలైతే లవణం 1.74 పాళ్లు ఉండాలి. రెండు ద్రావణాల గాఢత సమానం కాబట్టి ఇదే నిష్పత్తి ఘనపరిమాణాలకూ వర్తిస్తుంది: లవణం 63.5 మి.లీ., ఆమ్లం 36.5 మి.లీ. ఇలా కలిపిన తర్వాత మీటర్ 5.00 చూపకపోతే, అది ఎంత చూపుతోందన్నదే తప్పు ఎక్కడ జరిగిందో చాలావరకు చెబుతుంది. ముందుగా మీటర్‌ను 4.00, 7.00 ప్రామాణిక బఫర్‌లతో సరిచూసుకోవాలి, లేకపోతే కింది రీడింగులకు అర్థమే ఉండదు.

మీటర్ సుమారు 4.9 చూపుతోంది

ఇది పొరపాటు కాదు. సమీకరణంలో మనం గాఢతలు పెడుతున్నాం గాని, ఎలక్ట్రోడ్ స్పందించేది హైడ్రోజన్ అయాన్ క్రియాశీలతకు. పైగా ఈ ద్రావణంలోని సోడియం, ఎసిటేట్ అయాన్లు పరస్పరం ప్రభావం చూపుకోవడం వల్ల, ఆచరణలో పీకేఏ 4.76 నుంచి దాదాపు 0.1 మేర తగ్గినట్టు ప్రవర్తిస్తుంది. అనుమానం ఉంటే కొద్దిపాటి నమూనాను పదింతలుగా పలుచన చేసి మళ్లీ కొలవండి. నిష్పత్తి మారకపోయినా రీడింగు 5.0 వైపు కొంచెం పైకి జరిగితే కారణం ఇదే. పలుచన చేయని బఫర్‌లో 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కచుక్కగా, కలియబెడుతూ చేర్చి 5.00కు తెచ్చుకోవాలి. 100 మి.లీ.కు అర మి.లీ.కి అటూఇటూగా సరిపోతుంది.

మీటర్ సుమారు 4.45 చూపుతోంది

నిష్పత్తి తలకిందులైంది. 1.74 పాళ్లు ఆమ్లం, ఒక పాలు లవణం కలిస్తే log(1/1.74) విలువ −0.24 అవుతుంది, సమీకరణం 4.52 ఇస్తుంది. మీద చెప్పిన అయాన్ల ప్రభావాన్ని తీసివేస్తే రీడింగు 4.45 దగ్గర ఉంటుంది. 4.76కు పైన ఎంత ఉండాలో అంతే కిందకు జారడం దీని గుర్తు.

ఈ ద్రావణాన్ని పారబోయనక్కర్లేదు. ఇందులో ఇప్పుడు ఆమ్లం 6.35 మిల్లీమోల్‌లు, లవణం 3.65 మిల్లీమోల్‌లు ఉన్నాయి, మనకు కావలసింది సరిగ్గా దానికి ఎదురు. 2.70 మిల్లీమోల్‌ల క్షారం చేరితే అంత ఆమ్లమూ లవణంగా మారి రెండింటి స్థానాలూ తారుమారవుతాయి. కాబట్టి 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 2.7 మి.లీ. పోస్తే మొదటి సందర్భంలోని 4.9కు చేరుతాం, అక్కడి నుంచి మిగిలిన దిద్దుబాటు పైన చెప్పినట్టే.

మీటర్ 4.70 - 4.77 మధ్య చూపుతోంది

ఇక్కడ రెండు కారణాలుంటాయి, రీడింగులు దగ్గరదగ్గరగా ఉండడం వల్ల మీటర్‌ను బట్టి వాటిని విడదీయలేం. నోటుబుక్కునూ సీసా మీది చీటీనీ చూడాలి.

నోటుబుక్కులో నిష్పత్తి 1.74 బదులు 1.27 అని, లవణం 56 మి.లీ. అని ఉంటే, కాలిక్యులేటర్‌పై `10^x` నొక్కవలసిన చోట `e^x` నొక్కారు. సమీకరణంలోని సంవర్గమానం 10 ఆధారంగా ఉన్నది, సహజ సంవర్గమానం కాదు. రెండింటికీ మధ్య 2.303 రెట్ల తేడా ఉంటుంది కాబట్టి 0.24 పెరగాల్సిన పీహెచ్ 0.10 మాత్రమే పెరుగుతుంది. సమీకరణం 4.86 ఇస్తుంది, మీటర్ 4.77 దగ్గర నిలుస్తుంది. మొత్తం బఫర్ గాఢత చెడలేదు గనుక దీన్నీ సోడియం హైడ్రాక్సైడ్‌తో సరిచేయవచ్చు.

నిష్పత్తి సరిగ్గా ఉండి, సీసా మీద ట్రైహైడ్రేట్ అని ఉంటే తూకంలో పొరపాటు జరిగింది. నీటి అణువులు లేని సోడియం ఎసిటేట్ మోలార్ ద్రవ్యరాశి 82.03, ట్రైహైడ్రేట్‌ది 136.08. లీటరుకు 13.6 గ్రాములు తూచవలసిన చోట 8.2 గ్రాములే తూస్తే లవణ ద్రావణం 0.06 మోలార్‌గా మిగులుతుంది, పీహెచ్ 0.22 పడిపోతుంది. దీన్ని క్షారంతో 5.00కు లాగడం తేలికే కాని, నేనైతే ఆ పని చేయను. 10 మిల్లీమోల్‌లు ఉండవలసిన చోట మొత్తం సుమారు 7.5 మిల్లీమోల్‌లే ఉన్నందున, మీటర్ సరైన సంఖ్య చూపినా ఆ బఫర్ ఆమ్ల క్షారాలను తట్టుకునే శక్తి నాలుగో వంతు తక్కువే ఉంటుంది. లవణ ద్రావణాన్ని మళ్లీ తూచి తయారుచేయడమే సరైన పద్ధతి.