దవడ కింద పొక్కులు, ట్రిమ్మర్ మచ్చలు: ముందు వెంట్రుకల వాలు చూడండి

సమస్య: గడ్డం గీసుకున్న మర్నాటికి మెడ మీద ఎర్రటి పొక్కులు, మంట. బుగ్గల మీద మాత్రం ఏమీ ఉండదు.

ఈ మాటతో సెలూన్‌కి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే రేజర్ మార్చి ఉంటారు, ఫోమ్ మార్చి ఉంటారు. మెడ మీద వెంట్రుకలు ఎటు వాలి ఉన్నాయని అడిగితే మాత్రం తడిమి చూడకుండానే "కిందికే కదా" అంటారు. బుగ్గల మీద చాలామందికి కిందికే ఉంటాయి. మెడ సంగతి వేరు.

చూసుకునే పద్ధతి చాలా సులువు, అందుకే కాబోలు ఎవరూ చూడరు. రెండు రోజుల గడ్డం ఉండాలి, ముఖం పొడిగా ఉండాలి. నున్నగా గీసిన రోజున గానీ, నురగ రాశాక గానీ ఏమీ తెలియదు. వేలికొనలతో ఒక్కో చోట నాలుగు వైపులకీ నిమరండి: పైకి, కిందికి, చెవి వైపు, గొంతు వైపు. ఎటు నిమిరితే మెత్తగా జారుతుందో అదే వాలు. గరుకుగా తగిలేది ఎదురు, మన సెలూన్ భాషలో ఉల్టా. తేల్చుకోలేకపోతే దూదితో రుద్దండి, ఉల్టా వైపు పోగులు పట్టుకుంటాయి. మెడ ఫొటో తీసి, దాని మీద బాణం గుర్తులు వేసుకుంటే మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

ఇలా చూసుకుని రేజర్‌ని వాలు వెంటే నడిపినా పొక్కులు తగ్గనివాళ్లు కొందరు ఉంటారు. వాళ్లలో నేను ఎక్కువగా చూసే కారణం ఒకటుంది: మెడకు రెండు పక్కలా వాలు ఒకేలా ఉండదు. ఒకవైపు చూసి, రెండోవైపు కూడా అంతే అనుకుంటారు.

మా దగ్గరికి వచ్చే ఒకాయనకి ఎప్పుడూ కుడివైపే పొక్కులు. ఎడమ మెడ మీద వెంట్రుకలు కిందికి దిగి గొంతు ముడి వైపు తిరిగాయి. కుడివైపు దవడ మూల కింద చిన్న సుడి ఉంది. దాని కింద కాలర్ దాకా వెంట్రుకలన్నీ పైకి, చెవి వైపు వాలి ఉన్నాయి. ఆయన రెండువైపులా పైనుంచి కిందికే గీస్తున్నాడు. అంటే కుడివైపు రోజూ ఉల్టా షేవే. దానికి తోడు నున్నగా రావాలని చర్మాన్ని గట్టిగా లాగి పట్టుకునేవాడు. లాగి ఉల్టా గీస్తే వెంట్రుక చర్మం మట్టం కన్నా లోపలికి తెగుతుంది. వదలగానే ఇంకా లోపలికి పోతుంది. ఉంగరాల వెంట్రుకైతే మళ్లీ పెరిగేటప్పుడు బయటికి రాకుండా పక్క చర్మంలోకి గుచ్చుకుంటుంది. పొక్కు అదే.

పొక్కులు అణిగేదాకా, అంటే కొన్ని వారాలు, రేజర్ ఆపించి ట్రిమ్మర్‌తో సరిపెట్టాం. తర్వాత ఎడమవైపు పైనుంచి కిందికి, కుడివైపు కాలర్ దగ్గర్నుంచి పైకి గీయమన్నాను. సుడి ఉన్నచోట ఒక్కటే వాలు ఉండదు కాబట్టి అక్కడ చిన్న చిన్న గీతలతో బాణాల ప్రకారం వెళ్లాలి. కొంచెం గరుకు మిగిలితే మిగలనీ. చర్మాన్ని లాగడం మానాలి.

వాలు చూసేటప్పుడు కూడా తల ఎత్తి, చర్మాన్ని పక్కకు లాగకండి. లాగితే వెంట్రుకలూ దాంతోపాటు తిరుగుతాయి, మీరు చూసే వాలు అసలుది కాదు.

సమస్య: 3 మి.మీ. గార్డే అంతటా వాడినా మెడ, గడ్డం కింద మచ్చలు మచ్చలుగా వస్తోంది.

కారణం మళ్లీ వాలే, కాకపోతే ఇక్కడ లెక్క తలకిందులు. ట్రిమ్మర్‌ని వాలు వెంట నడిపితే వెంట్రుకలు పడుకుని గార్డు కిందనుంచి జారిపోతాయి, పొడుగ్గా మిగులుతాయి. ఎదురు నడిపితేనే లేచి గార్డు కొలతకి తెగుతాయి. గార్డు ఉన్నంతవరకు ఎదురు నడిపినా పొక్కుల టెన్షన్ పెద్దగా ఉండదు. బాణాలకి ఎదురుగా వెళ్లండి, సుడి మీద రెండు మూడు వైపులనుంచి తిప్పండి. గడ్డం నిండుగా కనబడాలంటే మాత్రం పెద్ద గార్డు పెట్టి వాలు వెంటే వెళ్లాలి.

సమస్య: మెడ మీద గీసిన లైన్ వంకరగా కనిపిస్తోంది.

తల పైకెత్తి గీసి ఉంటారు. తల దించగానే చర్మంతో పాటు లైనూ కదులుతుంది. తల మామూలుగా పెట్టి, గొంతు ముడికి రెండు వేళ్లు పైన గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాతే తల ఎత్తండి. లైన్ సరిగ్గా సుడి మధ్యలోంచి పోతుంటే ఎంత నీటుగా గీసినా రెండు రోజుల్లో అంచు చెదురుతుంది. కొంచెం కిందికి దింపి సుడిని గడ్డంలోనే కలిపేయండి.

బ్లేడు మొద్దుబారితే మార్చండి, దాని గురించి చెప్పేదేం లేదు. గుండ్రంగా పొట్టు లేస్తూ దురద, చీము, వెంట్రుకలు ఊడటం ఉంటే అది వాలు సమస్య కాదు. చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లండి.