ఫోన్‌లో రౌటర్ పేజీ తెరుచుకోకపోతే

అమ్మావాళ్లింట్లో కొత్త వైఫై రౌటర్ పెట్టాను. ల్యాప్‌టాప్ లేదు, ఫోనొక్కటే. రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న పేరు, పాస్‌వర్డ్‌తో ఫోన్ కలిసింది. కానీ రౌటర్ సెట్టింగులు మార్చడానికి బ్రౌజర్‌లో దాని చిరునామా `192.168.0.1` కొడితే పేజీ ఎంతకీ రాలేదు.

కారణం ఫోన్‌లోనే ఉంది. రౌటర్‌కి ఇంకా ఇంటర్నెట్ రాలేదు కాబట్టి, ఫోన్ తనంతట తానే మొబైల్ డేటాకి మారిపోయింది. ఆ దారిలో రౌటర్ దొరకదు. మొబైల్ డేటా ఆపేయగానే లాగిన్ పేజీ వచ్చేసింది. మీ రౌటర్ చిరునామా వేరుగా ఉండొచ్చు. ఫోన్‌లో వైఫై వివరాలు తెరిస్తే `Gateway` లేదా `Router` అన్నచోట కనిపిస్తుంది.

ముందుగా అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాను. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, రౌటర్ సెట్టింగుల తాళం. చాలామంది దీన్నే వదిలేస్తారు. అప్పుడు వైఫై వాడుకోవడానికి వచ్చిన ఎవరైనా సెట్టింగులు మార్చేయగలరు.

తర్వాత వైఫై పేరు. ఇంటిపేరు, ఫ్లాట్ నంబరు అందులో పెట్టకండి, పక్కింటి ఫోన్లలోనూ కనిపిస్తుంది. పాస్‌వర్డ్‌కి ఒకదానితో ఒకటి సంబంధంలేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. అమ్మకి గుర్తుంటుంది, ఊహించడం కష్టం. సెక్యూరిటీ దగ్గర `WPA2/WPA3` ఎంచుకున్నాను. `WPA3` ఒక్కటే పెడితే పాత టీవీ కలవకపోవచ్చు.

`Save` నొక్కగానే కనెక్షన్ తెగిపోతుంది, కంగారుపడొద్దు. కొత్త పేరుతో మళ్లీ కలిసి, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే `WPS` ఆపేసి, రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌కి, అంటే ఫర్మ్‌వేర్‌కి, అప్‌డేట్ ఉందేమో చూశాను. మొబైల్ డేటా మళ్లీ ఆన్ చేసుకోండి.