స్వానుభవ వ్యాస రచన – మూడవ పాఠం: సంఘటన మధ్యలో మొదలుపెట్టడం

కిందటి పాఠంలో వ్యాసానికి వస్తువును ఎంచుకున్నాం. ఇప్పుడు మొదటి పేరా సంగతి చూద్దాం. ఈ పాఠం కోసం తయారుచేసిన ఒక చిత్తుప్రతి ఇలా మొదలవుతుంది:

“కృష్ణానదిపై శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఎన్నో ఊళ్లు మునిగిపోయాయి. వాటిలో మాది ఒకటి. సొంత ఊరంటే ఎవరికైనా మమకారం ఉంటుంది. మా ఇల్లు తాత కట్టించినది.”

ఇందులో తప్పేమీ లేదు. అయితే మొదటి రెండు వాక్యాలను ముంపు ఊరివారు ఎవరైనా రాయగలరు, మూడవదాన్ని ఏ ఊరివారైనా రాయగలరు. విషయంలోకి దిగడానికి రాసేవారికి ఇవి అవసరమయ్యాయి కనుక చిత్తుప్రతిలో ఉండనివ్వండి. ఆ తరువాత, ఒక మనిషి ఒక చోట ఒక పని చేస్తూ కనిపించే మొట్టమొదటి వాక్యం ఎక్కడుందో వెతకండి. ఈ ప్రతిలో అది నాలుగవ పేరాలో ఉంది:

“మిద్దె దూలాలు బండికెక్కాక అవ్వ గడప కడిగి పసుపు రాసింది. ‘మునిగిపోయే గడపకు పసుపెందుకమ్మా?’ అన్నాడు నాయన.”

వ్యాసం ఇక్కడ మొదలుకావాలి. పైకప్పు లేని ఇంటి గడపకు పసుపు రాయడం చూసిన పాఠకుడు కారణం అడుగుతాడు. అంతకుముందు అడ్డంగా నిలిచిన నేపథ్యం ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబుగా మారుతుంది. “అది 1981. శ్రీశైలం నీళ్లు వచ్చేలోగా ఊరు ఖాళీ చేయాలి” అన్న రెండు చిన్న వాక్యాలు నాయన మాట వెంటనే సరిపోతాయి. తాత ప్రస్తావనను దూలాలకు జోడించి “తాత నల్లమల నుంచి తెప్పించిన దూలాలు” అనవచ్చు. మమకారం గురించిన వాక్యాన్ని పూర్తిగా కొట్టివేయాలి, ఎందుకంటే ఆ మాట పసుపే చెప్పింది.

ఏ క్షణాన్ని ఎంచుకోవాలన్నది ఇంతకంటే కష్టమైన ప్రశ్న. నీళ్లు ఇంట్లోకి చేరిన క్షణం మరింత బలమైనదిగా తోచవచ్చు. కాని దానితో మొదలుపెడితే వ్యాసం తన చివరి మాటను ముందే చెప్పేసినట్లవుతుంది, తరువాతి పేరాలన్నీ వెనక్కి నడవవలసివస్తుంది. గడప దగ్గర అవ్వకూ నాయనకూ మధ్య మాట ఇంకా తెగలేదు, అందుకే వ్యాసం అక్కడి నుంచి ముందుకు సాగగలదు.

క్షణంలో మొదలుపెట్టడమంటే వివరాలను దాచడమని పొరబడేవారు చాలామంది. “ఆమె వంగింది. చేతులు పచ్చగా ఉన్నాయి” అని రాస్తే ఆమె ఎవరో, ఎక్కడుందో తెలియదు. పాఠకుడికి కలిగేది కుతూహలం కాదు, అయోమయం. మొదటి పేరా మాత్రమే ఒకరికి చదివి వినిపించి, ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారని అడగండి. ఈ మూడింటిలో దేనికి జవాబు రాకపోయినా ఆ వివరాన్ని మీరు దాచారన్నమాటే. “అవ్వ”, “గడప” అన్న రెండు మాటలు చేర్చగానే పై వాక్యం నిలబడుతుంది.

అభ్యాసం: మీ చిత్తుప్రతిలో ఒక మనిషి ఒక చోట ఒక పని చేస్తూ కనిపించే మొట్టమొదటి వాక్యం కింద గీత గీయండి. దానికి పైనున్నదంతా వేరే కాగితం మీదికి మార్చి, పాఠకుడు అడిగే ప్రశ్నకు జవాబయ్యే వాక్యాలను మాత్రమే తిరిగి తీసుకోండి. మిగిలిన కాగితాన్ని పారవేయకండి, వచ్చే పాఠంలో రెండవ పేరాకు దానితో పని ఉంది.