విదేశం నుంచి డబ్బు తెప్పించుకునే ముందు

☐ “ఫీజు లేదు” అన్న మాట చూసి మార్గం ఎంచుకోవద్దు. చివరికి ఖాతాలో ఎంత పడుతుందో పంపేవారిని చూసి చెప్పమనండి. మార్కెట్ రేటు డాలరుకు 80 రూపాయలు అనుకుందాం. ఫీజు లేని సంస్థ 78 ఇస్తే, 1,000 డాలర్లకు 78,000 వస్తాయి. 10 డాలర్ల ఫీజు తీసుకుని 79.50 ఇచ్చే సంస్థలో మారేది 990 డాలర్లే, అయినా చేతికి 78,705 అందుతాయి.

☐ రెండు లెక్కలూ ఒకేసారి చూడాలి. రేటు కదులుతూనే ఉంటుంది.

☐ దేశాల మధ్య బ్యాంకులు వాడే స్విఫ్ట్ వ్యవస్థ ద్వారా డబ్బు వస్తే మధ్యలోని బ్యాంకులు కొంత మినహాయించుకోవచ్చు. ఛార్జీలు పంపేవారే భరించే OUR పద్ధతి ఉందేమో అడగండి. ఛార్జీలు ఇద్దరూ పంచుకునే SHA అని ఉంటే మొత్తం తగ్గి రావచ్చు.

☐ ఖాతాలో ఉన్న పేరునే అక్షరం పొల్లుపోకుండా పంపండి.